స్టార్లా, బొటనవేలా? రిపేరు పనివాళ్ల రేటింగు నిజం చెప్పేలా పెట్టుకునే పద్ధతి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి లాంటి ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఎలక్ట్రీషియన్లనూ, ప్లంబర్లనూ, ఫ్రిజ్ మెకానిక్కులనూ ఫోన్ మీద ఇళ్లకు పంపే చిన్న బుకింగ్ సర్వీసు నడిపేవాళ్ల కోసం రాసినది ఇది. పనివాళ్లలో సగం మంది పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు అనుకుందాం. పిలిచే ఇళ్లలో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, పేపర్ మిల్లు క్వార్టర్లలో ఉండే హిందీవాళ్లు కలిసి ఉంటారు. పని అయ్యాక ఐదు స్టార్లలో ఎన్ని అని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది ఐదూ ఇచ్చేస్తారు. అందరికీ 4.8, 4.9 ఉన్న జాబితాలో ఎవరిని పంపాలో తెలియదు, ఎవరిని మాన్పించాలో అంతకంటే తెలియదు. స్టార్లు తీసేసి, బాగుంటే పైకి, లేకపోతే కిందికి చూపే బొటనవేలు గుర్తు పెడితే ఇది సగం తీరుతుంది. మిగతా సగం ప్రశ్న ఎలా అడిగారు, ఎప్పుడు అడిగారు, జవాబు ఎవరి కంట పడుతుంది అన్నదాని మీద ఉంటుంది.

మొదటి అడుగు: ఉన్న స్టార్లను విడదీసి చూడండి

సగటును పక్కన పెట్టి, ఒక్కొక్క పనివాడికి ఎన్ని ఐదులు, ఎన్ని నాలుగులు, ఎన్ని ఒకట్లు వచ్చాయో విడిగా రాయండి. దాదాపు ప్రతిచోటా ఒకే ఆకారం కనిపిస్తుంది. ఐదుల దగ్గర పెద్ద గుట్ట, ఒకట్ల దగ్గర చిన్న మిట్ట, మధ్యలో పల్లం. నాన్ హు, పావ్‌లూ, ఝాంగ్ అనే పరిశోధకులు 2009లో ఆన్‌లైన్ సరుకుల సమీక్షల్లో ఇదే ఆకారాన్ని చూపించి రెండు కారణాలు చెప్పారు. నచ్చుతుందనుకున్నవాళ్లే కొంటారు, అందుకని మొదటి నుంచే మొగ్గు మంచివైపు ఉంటుంది. కొన్నవాళ్లలోనూ బాగా సంతోషపడ్డవాళ్లో, బాగా మండిపోయినవాళ్లో నోరు విప్పుతారు గానీ, ఫరవాలేదు అనుకున్నవాళ్లు ఊరుకుంటారు.

యూట్యూబ్‌ది కూడా ఇదే అనుభవం. వీడియోలకు వచ్చే రేటింగుల్లో చాలా భాగం ఐదు స్టార్లేనని, తర్వాతి స్థానం ఒక స్టారుదని, రెండు, మూడు, నాలుగు దాదాపు ఎవరూ వాడటం లేదని 2009లో ఆ సంస్థే చెప్పింది. 2010లో స్టార్లు తీసేసి బొటనవేలు పైకీ కిందికీ పెట్టింది. జనం ఐదు మెట్ల కొలబద్దను అప్పటికే రెండు మెట్లదిగా వాడుతున్నారు మరి.

మన ఊళ్లలో దీనికి ఇంకో రెండు తోడవుతాయి. ఒకటి మొహమాటం. వచ్చిన మెకానిక్ పక్క వీధివాడో, బావమరిది స్నేహితుడో అయి ఉంటాడు. రెండోది మార్కుల లెక్క. మనకు 60 వస్తే ఫస్ట్ క్లాస్. ఐదుకు మూడంటే 60 శాతం. కాబట్టి ఒక రిటైర్డ్ మాస్టారు మంచి పనికి మనస్ఫూర్తిగా మూడు స్టార్లు ఇస్తాడు. క్యాబ్ యాప్‌లకు అలవాటుపడిన ఆయన కొడుకు అదే పనికి ఐదు ఇస్తాడు, ఎందుకంటే అతని లెక్కలో నాలుగు అంటేనే ఏదో లోటు ఉన్నట్టు. ఒకే పనికి ఒకే ఇంట్లో రెండు జవాబులు వచ్చాయి, ఇద్దరూ నిజమే చెప్పారు. తప్పంతా కొలబద్దది. స్టారుకు అందరికీ ఒకే అర్థం లేనప్పుడు వాటి సగటుకూ అర్థం ఉండదు.

ఇప్పుడు సగటు ఏం దాచిపెడుతుందో ఒక లెక్కలో చూడండి. ఒక ఎలక్ట్రీషియన్‌కు వంద రేటింగుల్లో 90 ఐదులు, 10 ఒకట్లు. ఇంకొకతనికి 60 ఐదులు, 40 నాలుగులు. ఇద్దరి సగటూ సరిగ్గా 4.6. మొదటివాడు పదిళ్లలో ఒక ఇంటివాళ్లకు కోపం తెప్పించి వచ్చాడు. రెండోవాడి మీద చెప్పుకోదగ్గ ఫిర్యాదే లేదు. బొటనవేలు గుర్తుతో అడిగి ఉంటే మొదటివాడికి 90 శాతం, రెండోవాడికి ఇంచుమించు నూరు శాతం వచ్చేవి. తేడా అక్కడికక్కడే కనిపించేది.

రెండో అడుగు: మీకు కావలసినది ఐదు మెట్లా, అవును-కాదా?

స్టార్లు పనికిరావని కాదు. బిర్యానీ, హోటల్ గది, పాట లాంటివాటిలో ఒక మోస్తరు, బాగుంది, అద్భుతం అన్న తేడాకు విలువ ఉంది. బొటనవేలు పెడితే ఆ మూడూ ఒకే పైకి గుర్తులో కలిసిపోతాయి. నెట్‌ఫ్లిక్స్ 2017లో స్టార్లు తీసి బొటనవేలు పెట్టింది. పరీక్షలో రేటింగులు ఇచ్చే సంఖ్య 200 శాతం పెరిగిందని, అంటే మూడింతలైందని సంస్థ చెప్పింది. కానీ నచ్చింది, చాలా నచ్చింది అన్న తేడా పోయింది. 2022లో రెండు బొటనవేళ్ల గుర్తు చేర్చి దాన్ని కొంత వెనక్కి తెచ్చుకోవలసి వచ్చింది.

రిపేరు పని అలా కాదు. గీజర్ వేడెక్కిందా లేదా, ఫ్రిజ్‌లో గ్యాస్ నిలిచిందా లేదా, చెప్పిన కూలీయే తీసుకున్నాడా లేదా అన్నవే ప్రశ్నలు. మీరు తేల్చుకోవలసింది కూడా రెండే: ఇతన్ని మళ్లీ పంపాలా, వద్దా. తీర్మానం రెండు మెట్లదైతే ప్రశ్న కూడా రెండు మెట్లదే కావాలి. పనివాళ్లలో అత్యుత్తముణ్ణి ఎంచి బహుమతి ఇవ్వాలనుకుంటే మాత్రం బొటనవేలు చాలదు.

స్టార్లను కొట్టేయడానికి ఇంకో కారణం ఉంది, మన సరిహద్దు ఊళ్లకు అదే ముఖ్యం అనిపిస్తుంది. ఉత్తర అమెరికాలో ఇంటి రిపేరు పనులు కుదిర్చే ఒక వేదిక ఐదు స్టార్ల నుంచి బొటనవేలుకు మారినప్పటి లెక్కల మీద వచ్చిన అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. స్టార్లు ఉన్నప్పుడు శ్వేతజాతివారు కాని పనివాళ్లకు సగటు రేటింగు కొద్దిగా తక్కువ ఉండేది. ఆ కొద్ది తేడాకే శ్వేతజాతి పనివాడు ఒక డాలరు సంపాదించే చోట వాళ్లకు 91 సెంట్లు వచ్చేవి. బొటనవేలుకు మారాక ఆ తేడా పోయింది. కిటుకు అర్థం చేసుకోవడం కష్టం కాదు. మనసులో చిన్న చిన్నచూపు ఉన్నవాడు ఐదు ఇవ్వాల్సిన చోట నాలుగు ఇస్తాడు, అది చిన్నచూపని తనకే తెలియదు. అదే మనిషిని పని బాగుందా, లేదా అని అడిగితే బాగుందనే చెప్తాడు, ఎందుకంటే పని నిజంగానే బాగుంది. నాలుగో స్టారు ఆ చిన్నచూపు దాక్కునే మూల.

అక్కడ జాతి, ఇక్కడ భాష, కులం. ఫలితం అచ్చంగా అలాగే వస్తుందని ముందే అనుకోకండి, మీ దగ్గరే చూసుకోవచ్చు. పిలిచిన ఇంటి భాష ఏది, వెళ్లినవాడి భాష ఏది అని బుకింగ్ పుస్తకంలో రెండు గళ్లు కలపండి. ఒడియా ఇళ్లు తెలుగు పనివాళ్లకు ఇచ్చిన నాలుగు స్టార్ల వాటా, ఒడియా పనివాళ్లకు ఇచ్చినదానికంటే గట్టిగా ఎక్కువ ఉండి, మళ్లీ వచ్చిన ఫిర్యాదులు మాత్రం ఇద్దరి మీదా సమానంగా ఉంటే మీ స్టార్లు పనిని కొలవడం లేదన్నట్టే. తెలుగు ఇళ్లు ఒడియా పనివాళ్లకు ఇచ్చినవీ ఇలాగే చూడండి, ఈ జబ్బు ఒకవైపే ఉండదు. ఫలానావాడైతే పంపొద్దు అని ఫోన్‌లోనే చెప్పేవాళ్ల విషయంలో మాత్రం ఏ కొలబద్దా ఏమీ చేయలేదు.

మూడో అడుగు: గుర్తు కాదు, మాట పెట్టండి

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. వాట్సాప్‌లో ‘పని ఎలా ఉంది?’ అని పంపి బొటనవేలు గుర్తు పెట్టమంటారు. మన దగ్గర వాట్సాప్‌లో బొటనవేలు అంటే ‘సరే, మెసేజ్ చూశాను’ అని. పని చెడిపోయినవాళ్లు కూడా అదే పెడతారు. ఆ లెక్క చెత్త.

గుర్తు బదులు రెండు వాక్యాలు పెట్టండి: ‘మళ్లీ ఇతన్నే పిలుస్తాను’, ‘ఇతన్ని పిలవను’. ఒడియా ఇళ్లకు ‘పుణి డాకిబి’, ‘డాకిబి నాహిఁ’. ‘నచ్చిందా’ అని అడిగితే మనిషి నచ్చాడా అన్న అర్థం వచ్చి మొహమాటం అడ్డొస్తుంది. మళ్లీ పిలుస్తారా అంటే తన సొంత డబ్బు, సొంత ఇల్లు గుర్తొస్తాయి. మనిషి మీద తీర్పు చెప్పినట్టు కాకుండా తన ఉద్దేశం చెప్పినట్టు ఉంటుంది కాబట్టి కాదనడం తేలిక.

మాటల బలం స్టార్ల విషయంలోనూ రుజువైంది. ఒక ఆన్‌లైన్ పనుల మార్కెట్‌లో గర్గ్, జోహారీ అనే పరిశోధకులు ఉత్త అంకెల బదులు వర్ణన మాటలు పెట్టి చూస్తే, అందరికీ పైమెట్టు ఇచ్చేసే అలవాటు బాగా తగ్గింది. అయిదో మెట్టు మీద ‘ఇంతవరకు నేను పెట్టుకున్నవాళ్లలో అందరికంటే మేలు’ లాంటి మాట ఉంటే అది నోటికి ఊరకే రాదు. ఏదో కారణం వల్ల స్టార్లే ఉంచుకోవలసి వస్తే ప్రతి స్టారు పక్కనా ఇలాంటి పూర్తి వాక్యం రాయండి.

‘పిలవను’ అన్నవాళ్లను మాత్రమే ఇంకొక్క ప్రశ్న అడగండి: ఆలస్యమా, కూలీ ఎక్కువా, పని నిలవలేదా, మాట తీరా? నాలుగింటిలో ఒకటి నొక్కితే చాలు. ఇది అందరినీ అడిగితే జవాబులు పడిపోతాయి. అడగకపోతే కిందికి గుర్తు దేనికి వచ్చిందో తెలియక పనివాడితో గొడవ పడతారు.

చదువు రానివాళ్ల ఇళ్లకు రెండు మిస్డ్ కాల్ నంబర్లు ఇవ్వండి, ఒకటి అవునుకు, ఒకటి కాదుకు. మెసేజ్‌లో 1 గానీ 2 గానీ పంపమని మాత్రం అనకండి. 1 అంటే మొదటి ర్యాంకనో, ఒక్క మార్కనో ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటారు.

నాలుగో అడుగు: పనివాడు ఎదుట లేనప్పుడు అడగండి

రెండు మెట్లు పెట్టగానే నిజం బయటికి వస్తుందనుకోవడం పొరపాటు. ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటులో మొదటి నుంచీ ప్రధానంగా ఉన్నవి స్టార్లు కాదు, మంచి, మధ్యస్థం, చెడు అన్న మూడు గుర్తులు. అయినా అమ్మకందార్ల మంచి శాతం సగటున 99 పైనే ఉండేది. కారణం భయం. చెడు అని రాస్తే ఎదుటివాడూ మన మీద చెడు రాస్తాడు. 2008లో అమ్మకందార్లు కొనుగోలుదార్లకు చెడు గుర్తు ఇవ్వడాన్ని ఈబే ఆపేసింది. ఇళ్లు, గదులు అద్దెకు కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీ 2014లో ఇంకో దారి పట్టింది. ఇద్దరూ రాసేదాకా, లేదా 14 రోజుల గడువు ముగిసేదాకా ఎవరి సమీక్షా ఎవరికీ చూపించదు.

మన ఊళ్లో భయం ఇంకో రకం. రేపు ఫ్యాన్ ఆగిపోతే వచ్చేవాడు మళ్లీ ఇతనే. అందుకని మూడు కట్టుబాట్లు పెట్టుకోండి. పనివాడు తన ఫోన్ చూపించి రేటింగు నొక్కించుకోకూడదు, ఎంత ముక్కుసూటి మనిషైనా అక్కడ మంచిదే నొక్కుతాడు. జవాబు ఏ ఇంటి నుంచి వచ్చిందో పనివాడికి తెలియకూడదు. కనీసం పది జవాబులు చేరాకే మొత్తం కలిపి ‘పదిలో ఎనిమిది’ అని చెప్పాలి. రెండు జవాబులు రాగానే చెప్పేస్తే అవి ఏ ఇళ్లవో అతను ఇట్టే పట్టేస్తాడు.

ఎప్పుడు అడగాలన్నది పనిని బట్టి ఉంటుంది. స్విచ్ మార్చడం, ఫ్యూజ్ వేయడం, కుళాయి వాషరు లాంటివాటికి మర్నాడు అడగొచ్చు. ఫ్రిజ్, ఏసీ గ్యాస్ ఛార్జింగ్‌కు వారం ఆగాలి. లీకు సరిగ్గా మూయకుండా గ్యాస్ ఎక్కించినా మొదటి రెండు మూడు రోజులు చల్లగానే ఉంటుంది. ఆ సమయంలో అడిగి తీసుకున్న ‘మళ్లీ పిలుస్తాను’ అబద్ధం కాదు గానీ పనికిరాదు.

అయిదో అడుగు: లెక్క కట్టడం

శాతం ఒక్కటే చూస్తే కొత్తవాళ్లు పైకి తేలిపోతారు. పది జవాబుల్లో పదీ అవును వచ్చినవాడికి నూరు శాతం, వందలో 92 వచ్చినవాడికి 92 శాతం. కానీ మొదటివాడి గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. దీనికి 1927లో ఎడ్విన్ విల్సన్ ఇచ్చిన సూత్రం వాడతారు. వచ్చిన జవాబుల సంఖ్యను బట్టి, ఇతని అసలు శాతం కనీసం ఇంత ఉంటుందని నమ్మకంగా చెప్పగల కింది హద్దును అది ఇస్తుంది. గూగుల్ షీట్‌లో A2 గడిలో అవునులు, B2లో మొత్తం జవాబులు పెట్టి ఇది వేయండి:

```
=((A2/B2)+1.9208/B2-1.96*SQRT((A2/B2)*(1-A2/B2)/B2+0.9604/B2^2))/(1+3.8416/B2)
```

పదికి పది వచ్చినవాడికి 0.72 వస్తుంది, వందకు 92 వచ్చినవాడికి 0.85. ఐదుకు ఐదు అయితే 0.57 దగ్గర ఆగుతుంది. జాబితాను ఈ అంకె ప్రకారం వరుసపెట్టండి. కొత్తవాడు కింద ఉండిపోయి పనే దొరక్కుండా పోకుండా, పది పదిహేను జవాబులు వచ్చేదాకా అతనికి కొన్ని బుకింగులు మీరే కేటాయించాలి. సూత్రం ఆ పని చేయదు.

తర్వాత మౌనం. ఈబే లెక్కలతోనే నోస్కో, టాడెలిస్ అనే ఆర్థికవేత్తలు ఒక మంచి సంగతి పట్టుకున్నారు. మంచి గుర్తులను వచ్చిన జవాబులతో కాక మొత్తం లావాదేవీలతో భాగిస్తే అమ్మకందారు నాణ్యత మెరుగ్గా తెలుస్తుంది. చెడు చెప్పలేనివాళ్లు ఊరుకుంటారు కాబట్టి మౌనంలో అసంతృప్తి ఉంటుంది. మొహమాటం ఎక్కువున్న మనకు ఇది మరీ వర్తిస్తుంది.

ఒక మెకానిక్ 60 ఇళ్లకు వెళ్తే 20 మంది జవాబిచ్చారు, 19 అవును. 95 శాతం. ఇంకొకడు 60 ఇళ్లకు వెళ్తే 40 మంది జవాబిచ్చారు, 37 అవును. 92.5 శాతం. మొదటివాడే మేలన్నట్టు ఉంది. మొత్తం ఇళ్లతో భాగించండి: మొదటివాడికి 32 శాతం, రెండోవాడికి 62. మొదటివాడు వెళ్లిన ఇళ్లలో నలభై ఎందుకు నోరు మెదపలేదో నాలుగైదు ఇళ్లకు ఫోన్ చేసి కనుక్కోవడం మీ పని. ఒక్క జాగ్రత్త: సిగ్నల్ అందని ఊళ్లకే ఎప్పుడూ వెళ్లేవాణ్ణి, సిగ్నల్ బాగుండే తేరుబలి కాలనీ లాంటిచోట తిరిగేవాడితో ఈ అంకె మీద పోల్చకండి. ఒకే రకం ఇళ్ల మధ్యే పోల్చాలి.

ఆరో అడుగు: మారినందుకు నిజం పెరిగిందా?

బొటనవేలు పద్ధతి వచ్చాక సగటు పడిపోయిందనో పెరిగిందనో చూడకండి, రెండూ వేరే కొలతలు. రెండు నెలలపాటు బేసి నంబరు బుకింగులకు స్టార్లతో, సరి నంబరు బుకింగులకు ‘మళ్లీ పిలుస్తారా’ ప్రశ్నతో అడగండి. అడిగే రోజు రెండింటికీ ఒకటే ఉండాలి. ఒకవైపు మర్నాడు, ఇంకోవైపు వారానికి అడిగితే తేడా కొలబద్ద వల్ల వచ్చిందో ఆలస్యం వల్ల వచ్చిందో తేలదు.

నిజం తేల్చే గీటురాయి రేటింగులకు బయట ఉంది: అదే లోటుతో నెలలోపల మళ్లీ వచ్చిన ఫోను. అది మొహమాటంతో రాదు, ఫ్రిజ్ చల్లబడక వస్తుంది. చెరో 150 బుకింగులు అయ్యాయనుకోండి. స్టార్ల వైపు 45 జవాబులు, వాటిలో తొమ్మిది ఇళ్ల నుంచి మళ్లీ ఫోను, ఆ తొమ్మిదిలో ఆరుగురు ముందు ఐదు స్టార్లు ఇచ్చినవాళ్లే. ప్రశ్న వైపు 75 జవాబులు, పద్నాలుగు ఇళ్ల నుంచి మళ్లీ ఫోను, వాళ్లలో ఎనిమిదిమంది ముందే ‘పిలవను’ అన్నారు. అప్పుడు రెండో పద్ధతి చెడిన పనుల్లో సగానికి పైగా ముందే పట్టింది, మొదటిది మూడో వంతే పట్టింది అని చెప్పొచ్చు. ఇంత చిన్న సంఖ్యల్లో ఒకటి రెండు ఇళ్లు అటూ ఇటూ అయినా శాతం బాగా ఊగుతుంది, అందుకని ఇంకో రెండు నెలలు అదే తేడా నిలిచిందో లేదో చూడండి.

జవాబులు పెరిగి, ‘పిలవను’ అన్నది మాత్రం ఒక్కటీ రాకపోతే లోపం నాలుగో అడుగులో ఉంది. పనివాడే దగ్గరుండి నొక్కిస్తున్నాడేమో చూడండి. జవాబు వచ్చిన వేళ, పని ముగించిన వేళ పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. మీరు మర్నాడు అడగవలసిన ప్రశ్నకు ముందురోజు సాయంత్రమే మిస్డ్ కాల్ వచ్చి ఉంటుంది. ఆ జవాబులు లెక్కలోంచి తీసేసి, ఆ ఇళ్లకు ఆఫీసు ఫోన్ నుంచి మళ్లీ అడగండి.